గోడ చెంప మీద దెబ్బ

ఫొటోగ్రాఫరుకి నోరు లేదని ఎవరూ అనరు. స్టూడియోలో స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చున్నవాళ్ళని నవ్వించడానికి ఆవిడ చెప్పే కబుర్లకి అంతూ పొంతూ ఉండదు. కానీ అదంతా ఒక్కొక్కరితో. కాలేజీ ఫొటో క్లబ్బు చూసే లెక్చరర్ వచ్చి, ఫొటోల్లో దిద్దుబాటు ఎంతవరకు న్యాయమో మా పిల్లలకి ఒక గంట చెప్పండి అనేసరికి మాత్రం ఆవిడ నోరు ఎండిపోయింది. "ఇంట్లో నా బుర్ర తినే మాటల్లో సగం అక్కడ ఖర్చుపెట్టు, గంట ఇట్టే గడిచిపోతుంది" అని మొగుడు ధైర్యం చెప్పాడు. ఆ మహానుభావుడి ధైర్యం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఆ రోజు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఆవిడ కాలేజీ వరండాలో అడుగుపెట్టిందో లేదో, ఒక పొడుగాటి అమ్మాయి దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. అడ్డంగా నిలబడటమే ఆ అమ్మాయి పని. కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. బంతిని దాటనివ్వదని అందరూ 'గోడ' అంటారు. మొన్న ఫైనల్లో చివరి నిమిషంలో బంతి మీదికి దూకి, దాన్ని బయటికి నెట్టి, ఆ ఊపులో వెళ్ళి గోల్‌పోస్టుకి చెంప కొట్టుకుంది. కప్పు వచ్చింది. కప్పుతో పాటు ఎడమ కంటి కింద నేరేడుపండు రంగులో ఇంత దెబ్బ కూడా వచ్చింది.

నిన్న ఆ జట్టు ఫొటో తీసింది ఈ ఫొటోగ్రాఫరే. ఈ సాయంత్రం అది ప్రింటుకి వెళ్ళాలి. పెద్ద ఫ్రేము కట్టి మెట్ల దగ్గర పెడతారు, కాలేజీ వెబ్‌సైటులోనూ వేస్తారు.

"మేడమ్, ఒక్క మాట" అంది గోడ, అటూ ఇటూ చూసి. "ఫొటోలో ఈ దెబ్బ కనబడకుండా చేసెయ్యరా?"

"ఎందుకే తల్లీ? గెలిచినవాళ్ళకి అందమే కదా."

"అందం నాకు తెలుసు మేడమ్. మా అమ్మకి తెలీదు. నేను జట్టులో ఎక్స్‌ట్రా అనీ, బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందిస్తాననీ చెప్పాను. గోల్‌కీపరునని తెలిస్తే, కన్నో పన్నో పోగొట్టుకుంటావని పెట్టె సర్దించి ఇంటికి లాక్కుపోతుంది. ఆ వెబ్‌సైటు ఆవిడ రోజూ చూస్తుంది. ఈ దెబ్బ చూసిందంటే నా ఆట అయిపోయినట్టే."

ఫొటోగ్రాఫరు ఆ చెంపని కాస్త వెలుగులోకి తిప్పి చూసింది. అంచుల్లో అప్పుడే పసుపు తిరుగుతోంది. ఇలాంటి వాటికి ఆవిడ దగ్గర ఒక పాత లెక్క ఉంది. రెండు వారాల తర్వాత కూడా మొహం మీద ఉండేదాన్ని ముట్టుకోదు. అప్పటికి పోయేదాన్ని, ఆ మొహం గలవాళ్ళు అడిగితే, తగ్గిస్తుంది. ఈ దెబ్బ ఎలాగూ పోయేదే. అడుగుతున్నదీ మొహం గల మనిషే.

"సరే. కానీ హాల్లో అందరి ముందూ చేసి చూపిస్తాను. ఒప్పుకుంటావా?"

"చివరికి పోతే చాలు మేడమ్" అని గోడ ఎగిరి గంతేసింది.

హాలు కిటకిటలాడుతోంది. జట్టు మొత్తం ముందు వరసలో తిష్ఠ వేసింది. ఫొటోగ్రాఫరు మైకు పట్టుకుని మొదటి రెండు వాక్యాల్లో తడబడింది. మూడో వాక్యంలో ఒకాయన కథ ఎత్తుకునేసరికి గాడిలో పడింది. బట్టతలాయన ఒకరు ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో దిగి, తల నిండా జుట్టు పెట్టమన్నాడట.

"పెడతాను గానీ, ఇంటర్వ్యూకి ఎవరి తల తీసుకెళ్తారు సార్, అని అడిగాను" అంది ఆవిడ. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుతో ఆవిడ భయం కాస్తా ఎగిరిపోయింది.

ఇంక ఆగలేదు. గుర్తింపు కార్డు ఫొటోలో మొహాన్ని అసలు దిద్దకూడదని చెప్పింది. వార్తల ఫొటోలో ఉన్నదాన్ని తీసెయ్యడం, లేనిదాన్ని పెట్టడం రెండూ మోసమేనంది. స్టూడియో ఫొటోకి కొంచెం చనువు ఉందంటూ తన రెండు వారాల లెక్క చెప్పింది. మొటిమ పోతుంది, కాబట్టి తియ్యొచ్చు. పుట్టుమచ్చ పోదు, కాబట్టి ఉంటుంది. చిన్నప్పటి కుట్ల గుర్తు ఉంటుంది. చొక్కా మీద నూలుపోగు ఉండక్కర్లేదు.

"తెల్లగా చెయ్యమంటే మేడమ్?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

"వెలుతురు చాలక మొహం అసలుకంటే నల్లగా పడితే, అసలు రంగు దాకా తీసుకొస్తాను. ఆపైన ఒక్క మెట్టు కూడా ఎక్కించను. నీ రంగు నీది నాయనా, దాన్ని మార్చడానికి నేనెవర్ని?"

అప్పుడు జట్టు ఫొటో తెర మీదికి వచ్చింది. ఈలలు, చప్పట్లు. ఆవిడ గోడ మొహాన్ని దగ్గరికి లాగింది. దెబ్బ తెర నిండా పరుచుకుంది.

"చూడండి, అసలు ఫొటోని నేను ముట్టుకోను. దాని మీద పల్చటి పొర ఒకటి వేసుకుని, పనంతా ఆ పొర మీదే చేస్తాను. కావాలంటే పొర కనబడకుండా చెయ్యొచ్చు, అసలుది అలాగే ఉంటుంది. మొటిమకైతే పక్కన ఉన్న మంచి చర్మం అరువు తెచ్చుకుంటాను. ఇక్కడ చర్మానికి ఏమీ కాలేదు, రంగే మారింది. అందుకని రంగు ఒక్కటే సరిచేస్తాను. చర్మం మీది సన్న గరుకు పోకూడదు. అది పోయిందా, మనిషి పోయి బొమ్మ వస్తుంది. వాపుని కూడా కదపను, ఆకారం జోలికి వెళ్ళడం నాకు ఇష్టం ఉండదు."

నీలం తగ్గింది, పసుపు తగ్గింది. కాసేపటికి దెబ్బ మాయమైపోయింది. హాలు చప్పట్లు కొట్టింది. జట్టు మాత్రం కొట్టలేదు.

"అన్యాయం మేడమ్!" అని కెప్టెన్ లేచింది. "ఆ దెబ్బే మా కప్పు. అది తీసేస్తే మ్యాచ్ తీసేసినట్టే!"

"అది నీ మొహం కాదుగా. మొహం గల మనిషి అడిగింది" అంది ఫొటోగ్రాఫరు. గోడ తల వంచుకుని బూట్ల లేసులు సవరించుకుంటోంది. ఆ పిల్ల సంతోషంగా లేదని ఫొటోగ్రాఫరుకి తెలుస్తూనే ఉంది. అయినా లెక్క లెక్కే అని సర్దిచెప్పుకుంది.

ఆ గొడవలో హాలు తలుపు తెరుచుకుని, చేతిలో సంచీతో ఒకావిడ లోపలికి వచ్చింది. ఎవరి అమ్మో అయి ఉంటుందని లెక్చరర్ వెనక వరసలో కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చుని, తెర మీద ఉన్న మొహాన్ని కన్నార్పకుండా చూసింది. తర్వాత క్లాసులో పిల్లల్లా చెయ్యెత్తింది.

"నాకో సందేహం మేడమ్ గారూ." టీచరు గొంతు అది, మైకు అక్కర్లేదు. "వీడియో కాల్లో మనిషి మొహం మీది పుట్టుమచ్చ మాయమైపోతుందా?"

ఆ గొంతు వినగానే ముందు వరసలో గోడ కుక్కిన పేనులా కుర్చీలోకి జారిపోయింది. ఫొటోగ్రాఫరు అది గమనించలేదు. మంచి ప్రశ్న వచ్చిందని సంబరపడిపోయి జవాబు అందుకుంది.

"పోతుందమ్మా. ఫోన్లో అందానికి పెట్టుకునే ఫిల్టర్లు ఉంటాయి. వాటికి మొటిమకీ మచ్చకీ తేడా తెలీదు. చిన్న నల్ల చుక్క కనబడితే చాలు, రెండింటినీ కలిపి తుడిచేస్తాయి."

"అదన్నమాట సంగతి" అంది ఆవిడ, లేచి నిలబడి. "మా అమ్మాయికి గడ్డం మీద మచ్చ ఉంది, ఇదిగో, మీ తెర మీద ఉన్నట్టే. ఫైనల్ అయిన రాత్రి నుంచీ ఫోన్లో ఆ మచ్చ లేదు. మొహం చూస్తే పొట్టు తీసిన గుడ్డులా నున్నగా ఉంది. లైటు వెయ్యవే అంటే కరెంటు లేదంటుంది. దీనికి ఏమైంది, జ్వరమా, ఏడుస్తోందా, ఎవరైనా ఏమైనా అన్నారా అని నాకు నిద్ర లేదు. ఉండబట్టలేక తెల్లవారగానే బస్సెక్కి వచ్చేశాను. దెబ్బో గిబ్బో కనబడితే తిట్టేదాన్ని, అంతే. మచ్చ కనబడకపోయేసరికి భయమేసింది."

గోడ మెల్లగా లేచి వెనక్కి తిరిగింది. తెర మీద శుభ్రమైన చెంప, తెర కింద నీలంగా ఉబ్బిన చెంప. తల్లి రెండింటినీ మార్చి మార్చి చూసింది.

ఫొటోగ్రాఫరు కూడా ఆ రెండు చెంపలనీ చూసింది. తన లెక్కలో తప్పు లేదు, పనిలో తప్పు లేదు. అయినా ఆ తల్లి భయంలో తన వంతు కూడా కలపబోయింది. అది తట్టగానే ఆవిడకి సిగ్గేసింది. దాచుకోవాలని మాత్రం అనిపించలేదు.

"పిల్లలూ, ఇందాక మీకు సగమే చెప్పాను" అంది. "ఏది పోతుంది, ఏది ఉంటుంది అని చెప్పాను. ఆ ఫొటో ఎవరు చూస్తారు, చూసి ఏం నమ్ముతారు అన్నది చెప్పలేదు. దెబ్బ తగ్గించడం తప్పు కాదు. అసలు దెబ్బే తగల్లేదని ఒక తల్లిని నమ్మించడానికి తగ్గించాను చూడండి, అక్కడ గీత దాటాను." తర్వాత ముందు వరస వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు తల్లీ. మొహం నీదే. ఉంచనా, తియ్యనా?"

గోడ ముక్కు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలిసినట్టు లేదు.

"ఉంచెయ్యండి మేడమ్."

ఆవిడ ఒక్క నొక్కు నొక్కింది. పొర పోయి దెబ్బ తెర నిండా తిరిగొచ్చింది, నేరేడు రంగులో, పసుపు అంచులతో. జట్టు కుర్చీలెక్కి అరిచింది. లెక్చరర్ కూర్చోండి కూర్చోండి అంటూనే తనూ చప్పట్లు కొట్టాడు.

తల్లి మాత్రం నడుమ దారిలో నడుచుకుంటూ కూతురి దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, దెబ్బ చుట్టూ వేలితో తడిమి చూసింది. ఇప్పుడు పెట్టె సర్దమంటుందని గోడ ఊపిరి బిగబట్టింది. జట్టు కూడా బిగబట్టింది.

"బెంచీ మీద కూర్చుంటే తగిలే దెబ్బ కాదే ఇది."

"కాదమ్మా. గోల్‌కీపర్ని. బంతి మీదికి దూకాను."

"ఆగిందా?"

"ఏమిటి?"

"బంతే! ఆగిందా, లేదా?"

"ఆగింది!" అని హాలు మొత్తం ఒక్క గొంతుతో పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

తల్లి ఆ అరుపులు సద్దుమణిగేదాకా చుట్టూ చూసింది, ఇన్ని నోళ్ళకి తెలిసిన సంగతి తనకొక్కదానికే తెలియలేదన్నట్టు. తర్వాత కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది.

"దెబ్బ ఒక్కటే దాచావనుకున్నానే. ఇంత గొప్ప సంగతి కూడా దాచేశావా!"