కోసేసిన నలభై సెకన్లు

అబద్ధమెందుకు, ఆ కామెంట్ తీసేసింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు.

నేను దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమెషిన్ల మెకానిక్‌ని. వారానికి ఆరు రోజులు నూటపది మెషిన్ల మధ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరగడమే నా ఉద్యోగం. రెండేళ్ల క్రితం సరదాగా ఒక ఛానల్ పెట్టి, ఇంటి దగ్గర కుట్టుకునేవాళ్లకి మెషిన్ రిపేర్లు చూపించడం మొదలుపెట్టాను. మొదట్లో బుద్ధి పుట్టినప్పుడు ఒక వీడియో పెట్టేవాణ్ణి. జనం చూశారు. మెల్లగా నన్ను సూదిమాస్టారు అనడం మొదలుపెట్టారు. ఆ పేరు నా నెత్తికెక్కి కూర్చుంది. ఎవరూ అడక్కుండానే, ఛానల్ పైన పెద్ద అక్షరాలతో రాసేసుకున్నాను: మంగళ, గురు, ఆదివారాల్లో, సాయంత్రం సరిగ్గా ఏడింటికి.

రాసుకోవడానికి ఏముంది, చెయ్యి అరగదు కదా. అయిదు నెలలు ఆ మాట పట్టుకుని కుక్కలా పరుగెత్తాను. ఫ్యాక్టరీ నుంచి రాగానే భోజనాల బల్ల మీదకి మెషిన్ ఎక్కేది. మా ఆవిడ, కూతురు వంటింటి గట్టు మీద కూర్చుని తినేవారు. లైట్లు ఆపమని పిల్ల అంటే కసురుకున్నాను. ఫ్యాక్టరీలో ఒక రోజు బెల్టు తొడుగు బిగించకుండా మెషిన్ అప్పగించి, సూపర్‌వైజర్ చేత నలుగురిలో చీవాట్లు తిన్నాను. అయినా ఏడు గంటలు మాత్రం తప్పలేదు. అదో పెద్ద ఘనత నాకు.

ఆ గురువారం వీడియో, పవర్ మెషిన్‌లో హుక్కు మార్చడం గురించి. సూది కిందికి దిగి, రవ్వంత పైకి లేచేసరికి హుక్కు మొన వచ్చి దారం అందుకోవాలి. సూదికీ మొనకీ మధ్య పల్చటి కాగితమంత సందు ఉండాలి. అది లేకపోతే రెండూ ఢీకొంటాయి. అందుకని స్క్రూలు బిగించాక, మోటారు ఆపే ఉంచి, చేత్తో చక్రం తిప్పి చూడాలి. ఆ తర్వాత పనికిరాని గుడ్డ మీద కుట్టు వేసి, పైనా కిందా చూడాలి. ఇవన్నీ నేను కెమెరా ముందు చేశాను. అది మాత్రం నిజం.

కానీ ఆరున్నరైనా ఎడిటింగ్ తెమల్లేదు. కుట్టు వేసే ముక్క వీడియోలో ఉంచడం ఎప్పుడో మానేశాను కాబట్టి ముందు అది పోయింది. చక్రం తిప్పే చోట నా మోచెయ్యి అడ్డం వచ్చింది. మళ్లీ తీసే టైం లేదు. "ఈమాత్రం ఎవరికి తెలీదులే" అనుకుని ఆ నలభై సెకన్లు కోసి పారేశాను. ఏడింటికి వీడియో ఎక్కింది. స్క్రూలు బిగించడం అయిన వెంటనే నా నవ్వు మొహం, "అంతే, ఇక హాయిగా కుట్టుకోండి" అనే మాట.

మర్నాటికల్లా నా వీడియోలన్నిటిలోకీ దాన్నే ఎక్కువమంది చూశారు. నేను గాల్లో తేలుతున్నాను. ఆ శుక్రవారం సాయంత్రమే వచ్చింది ఒక టైలరమ్మ కామెంట్. "సార్, మీరు చెప్పినట్టే చేశాను. పెడల్ తొక్కగానే సూది విరిగి, హుక్కు మొన చితికింది. నాదే పొరపాటు అయ్యుంటుంది. ఏం చేయాలో చెప్పండి."

చదవగానే నాకు కోసిన ముక్క గుర్తొచ్చింది. ఒప్పుకుంటే వీడియో తీసెయ్యాలి, కొత్తది తీయాలి. ఆదివారం వీడియో ఇంకా మొదలే పెట్టలేదు. వేలు దానంతటదే వెళ్లి కామెంట్ తీసేసింది. మర్నాడు అదే మాట మళ్లీ పెట్టింది. తీసేశాను. మూడోసారి పెట్టింది. తీసేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా వేలు నాకే కొరికెయ్యాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్న మా అక్క వచ్చింది. అక్క ఆస్పత్రిలో హెడ్ నర్సు. వార్డులో ఎవరికి ఏ రోజు ఏ డ్యూటీయో చార్టు రాసేది ఆవిడే. వచ్చీ రాగానే చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"ఒరేయ్, ఆ టైలరమ్మ కామెంట్ ఏమైందిరా?"

"ఏ టైలరమ్మ?"

"నా దగ్గర వేషాలెయ్యకు. నీ వీడియోల కింద మొదటి నమస్కారం ఆవిడదే కదా. మీ ఊరిదాన్నే సార్, బస్ డిపో వెనక కుట్టుకొట్టు నాది అని కూడా రాసింది. నిన్న పొద్దున్న చూశాను, సూది విరిగిందని పెట్టింది. సాయంత్రానికి లేదు."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. కూతురు పుస్తకం మూసింది. ఇక దాచడానికేముంది, ముగ్గురి ముందూ చెప్పేశాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మా ఆవిడ మాత్రం, "ఏడింటి కోసమా?" అని ఒక్క మాట అడిగి లోపలికెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందు ఆ వీడియో ఎవరికీ కనపడకుండా చెయ్" అంది అక్క. చేశాను. "ఇప్పుడు కాగితం తే."

"ఇవాళ్టి వీడియో..."

"ఇవాళ లేదు. వచ్చే మూడు వారాలూ లేదు. ఛానల్లో ఆ మాట రాసి పెట్టు. ఒక వీడియోకి ఎన్ని గంటలు పడుతుంది నీకు?"

"రెండు, రెండున్నర."

"గడియారం పెట్టి చూశావా?"

చూడలేదు. అక్క ఒక్కొక్కటే అడుగుతూ రాసింది. బల్ల సర్ది, లైట్లు పెట్టడం గంట. తీయడం రెండు గంటలు. ఎడిటింగ్ రెండున్నర. వీడియోకి పేరు, పైబొమ్మ పెట్టి ఎక్కించడం ముప్పావు గంట. కామెంట్లకి జవాబులు అరగంట. కూడితే ఆరూ ముప్పావు. మూడు వీడియోలకి ఇరవై గంటలు దాటింది.

"ఉద్యోగం కాక ఇరవై గంటలు! నువ్వు మనిషివా, మెషిన్‌వా? మెషిన్‌కైనా నూనె పోస్తారు కదరా" అంది. "మా వార్డులో చార్టు ఎలా రాస్తానో తెలుసా? ముందు డ్యూటీలు రాయను. ముందు సెలవులు రాస్తాను. ఎవరికి ఏ రోజు సెలవో నింపాక, మిగిలిన గళ్లలోనే డ్యూటీలు. అట్లా కాకుండా రాసిన నెల, మూడో వారానికల్లా సగంమంది జ్వరమని పడుకుంటారు."

ముందు సెలవులు రాశాం. రోజూ రాత్రి భోజనం టైంలో బల్ల మెషిన్‌ది కాదు, ఇంటివాళ్లది. సోమ, మంగళ, గురు, శుక్ర, శని సాయంత్రాలు ఖాళీ. మిగిలింది బుధవారం సాయంత్రం రెండు గంటలు, ఆదివారం పొద్దున్న నాలుగు గంటలు. వారానికి ఆరు.

"ఒక వీడియోకే ఆరూ ముప్పావు. ఆరింట్లో ఎలా పడుతుంది?" అన్నాను గెలిచినవాడిలా.

"పట్టేలా తగ్గించు. ఒక్కో దాంట్లో నాలుగు రిపేర్లు కుక్కుతావు. ఒక జబ్బు, ఒక వీడియో. లైట్లు ఒకసారి పెట్టి రెండు వీడియోలు తియ్యి. ఒక ఆదివారం తీయడం, మరుసటి ఆదివారం ఎడిటింగ్. రెండు వారాలకి రెండు."

లెక్క వేస్తే రెండు వారాలకి పది గంటలైంది. పన్నెండులో రెండు మిగిలాయి.

"ఆ రెండు గంటలూ ఏం చేయాలి?"

"ఏమీ చేయకూడదు. నీకు జలుబు చేస్తే, లేదా మోచెయ్యి అడ్డొస్తే మళ్లీ తీయడానికి."

నేను తల దించుకున్నాను. అక్క ఇంకా రాస్తూనే ఉంది. ఈ మూడు వారాల్లో రెండు వీడియోలు తీసి, ముందే ఎక్కించి, తేదీ పెట్టి అట్టే ఉంచాలి. అవి వార్డులో అదనపు నర్సు లాంటివట. ఒకటి వాడితే, తర్వాత వీలైనప్పుడు నింపాలి. నింపలేకపోతే ఆ వారం వీడియో లేదని చెప్పాలి, అంతే. శనివారం ఏడింటికి ఒక్క వీడియో. ఎడిటింగ్ గడిలో, "చేత్తో తిప్పడం, కుట్టి చూడడం కోయరాదు" అని ఎర్ర పెన్నుతో రాసింది.

మొదటి బుధవారం గడి మాత్రం ఖాళీగా వదిలింది. తర్వాత దాంట్లో రాసింది: "టైలరమ్మ కొట్టు."

"వీడియోలో క్షమాపణ చెబుతాలే అక్కా" అన్నాను.

"చెప్పు. దానికంటే ముందు వెళ్లు."

బుధవారం సాయంత్రం కొత్త హుక్కు, సూదులు సంచిలో వేసుకుని వెళ్లాను. ఇరుకు కొట్టు. గోడకి స్కూలు యూనిఫారాలు వేలాడుతున్నాయి. మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ దాని పక్కనే స్టూలు మీద కూర్చుని, ప్యాంటు అంచు చేత్తో కుడుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"అయ్యో, మాస్టారు! మీరా? మా కొట్టుకా?" అంటూ స్టూలు తుడిచి నా వైపు జరిపింది.

కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. మెషిన్ విప్పాను. హుక్కు మొన చితికిపోయి ఉంది. నేను పని చేస్తుంటే ఆవిడ చెబుతూనే ఉంది.

"మీకు కామెంట్ పెట్టాను సార్. నాకు ఫోను సరిగ్గా రాదు, పెట్టినవి పోతూ ఉన్నాయి. మూడుసార్లు పెట్టాను. ఏం నొక్కుతున్నానో ఏమో."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆవిడే నాకు తప్పించుకునే దారి చూపించింది. ఊ అంటే చాలు. హుక్కు మార్చి, దండం పెట్టించుకుని ఇంటికి పోవచ్చు.

"అవి పోలేదమ్మా. నేనే తీసేశాను" అన్నాను. "తప్పు మీది కాదు. చేత్తో తిప్పి చూడాలన్న ముక్క నేనే కోసేశాను. టైం అయిపోతోందని."

ఆవిడ చేతిలోని ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. నేను కొత్త హుక్కు, సూది పెట్టి, సందు చూసి, స్క్రూలు బిగించి, చేత్తో చక్రం నాలుగుసార్లు తిప్పాను. సూది, మొన ఒకదాన్నొకటి తాకకుండా దాటాయి. ఒక పాత గుడ్డముక్క పెట్టి కుట్టు వేసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ పైన చూసింది, తిప్పి కింద చూసింది.

"మొదట్లో వీడియో చివర ఇట్లా కుట్టి చూపించేవారు" అంది. "అది చూసే మిమ్మల్ని నమ్మాను."

"ఇక నుంచి చూపిస్తానమ్మా. వారానికి ఒకటే పెడతాను. శనివారం."

"ఒకటేనా?" అంది. గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. మంగళ, గురు, ఆదివారాలన్నిటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. "బతికించారు. మూడూ చూడాలంటే నాకు పని తెమిలేది కాదు సార్. చూడకపోతే మీరు అంత కష్టపడి తీస్తారు కదా, ఏమనుకుంటారోనని, కుట్టు ఆపేసి మరీ చూసేదాన్ని."

ఒక రబ్బరు తీసుకుని, ఆ సున్నాలు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టింది. నేను నిలబడి చూశాను. అన్నీ చెరిపాక శనివారం దగ్గర పెన్సిలు పెట్టి ఆగింది.

"ముందు ఒకటి చూస్తాను సార్" అని, సున్నా చుట్టకుండానే పెన్సిలు పక్కన పెట్టి, మెషిన్ ముందు కూర్చుంది.