రొంబ అవసరం

మంగళవారం రాత్రి ఏడున్నరకు అరుణాచలంలోని ఒక లాడ్జి పదకొండు గదులను వేరే బస్సు వాళ్లకు ఇచ్చేసింది. ఆ గదుల్లో దిగాల్సిన నలభై రెండు మంది అప్పటికి శాలిబండలోనూ లాల్‌దర్వాజాలోనూ తమ ఇళ్లలో బట్టలు సర్దుకుంటున్నారు. వాళ్ల బస్సు బుధవారం సాయంత్రం బయలుదేరాలి. గురువారం పౌర్ణమి.

లాడ్జి నుంచి ఫోను అదే రోజు సాయంత్రం నాలుగు పదికి వచ్చింది. ఎత్తింది నర్సింహ.

నర్సింహకు నలభై ఎనిమిదేళ్లు. శాలిబండ మెయిన్ రోడ్డు మీద ఒక ట్రావెల్స్ ఆఫీసులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాడు. నెలకోసారి పౌర్ణమికి అరుణాచలం వెళ్లే బస్సులో ముందు సీటు అతనిది. మైకు అతని చేతిలో ఉంటుంది. ఏ ఊరొచ్చింది, ఎక్కడ టీ తాగాలి, గిరిప్రదక్షిణలో చెప్పులు ఎక్కడ వదలాలి, అన్నీ అతనే చెబుతాడు. ఆఫీసులో తమిళం వచ్చినవాడు అతనొక్కడే అని ఫిబ్రవరి వరకు అందరూ అనుకున్నారు. అతనూ అనుకున్నాడు.

ఫిబ్రవరిలో అఖిల చేరింది. వయసు ఇరవై ఆరు. తండ్రి రైల్వేలో పని చేయడంతో ఇంటర్ దాకా చెన్నై పెరంబూరులో చదివింది. ఇప్పుడు జల్‌పల్లి నుంచి షేర్ ఆటోలో వస్తుంది. ఆమె పని టికెట్లు, ఫోన్లు, కంప్యూటరు.

జూన్ బస్సు తిరిగొచ్చాక వాసవాంబ అనే ప్రయాణికురాలు ఆఫీసుకు వచ్చి గొడవ పెట్టుకుంది. ఇడ్లీల బండివాడు తనను అవమానించాడని ఆమె ఫిర్యాదు.

"ఏం గావాల్నో చెప్తుంటే, సొల్లు, సొల్లు అంటడు. నేను సొల్లు చెప్తున్ననా? అర్వై ఏండ్లు నాకు."

నర్సింహ అక్కడే ఉన్నాడు. "గా బండోడు గంతేనమ్మా. ఈసారి వేరే బండికి పోదం" అన్నాడు.

అఖిల తన బల్ల దగ్గర నుంచి అంది. "సొల్లు అంటే తమిళంల చెప్పు అని, పెద్దమ్మా. చెప్పమ్మా, చెప్పు అన్నడు."

వాసవాంబ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక నర్సింహ వైపు తిరిగి, "గిది నువ్వెందుకు చెప్పలే?" అంది.

వారం తిరక్కుండా అఖిల ఒక కాగితం తయారు చేసింది. పైన 'తమిళనాడు వెళ్లేవారికి హెచ్చరిక: తెలుగులా వినిపిస్తాయి, తెలుగు కాదు' అని ఉంది. కింద పంతొమ్మిది మాటలు. 'ప్రమాదం అంటే భయపడకండి, చాలా బాగుందని మెచ్చుకుంటున్నారు.' 'నీళం అంటే పొడవు, రంగు కాదు.' 'సంసారం అంటే భార్య. సంసారం వరలియా అని అడిగితే, మీ ఆవిడ రాలేదా అని.' ట్రావెల్స్ యజమాని విమలాదేవి దాన్ని ప్రతి టికెట్‌తో పాటు ఇవ్వమంది.

టికెట్ కోసం వచ్చినవాళ్లలో కొందరు అక్కడే నిలబడి చదివి నవ్వుకున్నారు. కొందరు, "ఈసారి బస్సుల గీ అమ్మాయి వస్తదా?" అని అడిగారు. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నర్సింహ ఆఫీసులోనే ఉన్నాడు. నాలుగుసార్లు వచ్చిందని అతనికి గుర్తుంది.

కాగితంలో మొదటి మాట మీద సోమవారం గొడవ జరిగింది. ఆ వరస ఇది: 'అవసరం అంటే తమిళంలో తొందర. అవసరం ఇల్లై అంటే అక్కర్లేదని కాదు, తొందర లేదని. వద్దు అనాలంటే వేండాం అనండి.'

"గిది తప్పు" అన్నాడు నర్సింహ. "అవసరం అంటే అవసరమే. పదకొండేండ్ల సంది మాట్లాడుతున్న."

"ఎవరితోని మాట్లాడినవ్ అన్నా, గీ మాట?"

"పూసలమ్మేటోళ్లతోని. అవసరం ఇల్లై అంటే పోతరు."

"పోతరా?"

"పోతరు. పది అడుగులు పోయి మళ్ల వస్తరు. గా అరవోళ్లు మొండోళ్లు."

"మొండోళ్లు గాదన్నా. ఇప్పుడేం తొందర లేదు అని నువ్వే అంటివి. అందుకే జరసేపు ఆగి వస్తున్నరు."

బస్సు డ్రైవరు డానియేలు తలుపు దగ్గర టీ తాగుతున్నాడు. టీ అతని ముక్కులోకి పోయింది. "గందుకేనా అన్నా, పద్నాలుగు కిలోమీటర్లు మన ఎన్కనే వచ్చిండు గా పూసలోడు" అన్నాడు. ఆఫీసులో ఉన్న ముగ్గురు ప్రయాణికులూ నవ్వారు.

నర్సింహ లోపలి గదిలోకి వెళ్లాడు. విమలాదేవితో ఏమన్నాడో ఆమె తర్వాత చెప్పింది: "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెప్తే, నా పదకొండేండ్లు తప్పా మేడం?" ఆమె బయటికి వచ్చి, పెద్దవాడి మాట కాబట్టి ఆ ఒక్క వరస ప్రస్తుతానికి తీసేయమని అఖిలకు చెప్పింది. అఖిల తీసేసింది. సోమవారం సాయంత్రం నుంచి కాగితంలో పద్దెనిమిది మాటలే ఉన్నాయి.

మంగళవారం నాలుగు పదికి ఫోను చేసింది లాడ్జి మేనేజరు మురుగేశన్. పౌర్ణమికి ముందు ఆ ఊళ్లో గదులు దొరకవు. దిగేవాళ్ల ఆధార్ కాపీలు ముందే చేరితేనే ఆ లాడ్జిలో గదులు ఆపి ఉంచుతారు. మురుగేశన్ అన్న మాటలు నర్సింహకూ గుర్తున్నాయి, మురుగేశన్‌కూ గుర్తున్నాయి. ఇద్దరూ ఒకటే చెప్పారు.

"ఆధార్ కాపీ అవసరం సార్. రొంబ అవసరం."

"సరి, సరి" అని నర్సింహ ఫోను పెట్టేశాడు. రొంబ అంటే చాలా అని అతనికి తెలుసు.

కాపీలు అతని డ్రాయరులోనే ఉన్నాయి. వాటిని ఫోటో తీసి పంపే పని అఖిలది. ఆమె బల్ల రెండు అడుగుల దూరంలో ఉంది.

"లాడ్జోళ్లా అన్నా? ఏమంటరు?"

"ఏం లేదు. ఆధార్ కాపీలు అవసరమంట."

అఖిల కంప్యూటరు మీద నుంచి చేతులు తీసింది. "అచ్చంగ ఏమన్నడు? అవసరం అన్నడా?"

"అన్నడు. అవసరం అంటే ఏందో నువ్వు నాకు చెప్పొద్దు. నిన్న చెప్పినవ్ గద, జనం ముంగట. రేపు పొద్దుగాల నేనే పంపిస్త."

"నేనిప్పుడే పంపిస్త, ఇటియ్యన్నా."

"వద్దు. నీ పని నువ్వు జేస్కో."

అతను డ్రాయరుకు తాళం వేశాడు. అఖిల మళ్లీ కంప్యూటరు వైపు తిరిగింది. అప్పుడు సమయం నాలుగుంబావు. లోపలి గదిలో విమలాదేవి ఉంది. గది తలుపు తీసే ఉంది. అఖిల లోపలికి వెళ్లలేదు. ఆరు గంటలకు ఆటో ఎక్కి ఇంటికి వెళ్లింది.

ఎనిమిది పదికి జల్‌పల్లి నుంచి ఆమె తన సొంత ఫోనులో మురుగేశన్‌కు ఫోను చేసింది. గదులు పోయి నలభై నిమిషాలైంది. అవసరం అని రెండుసార్లు చెప్పాను, మీవాళ్లు సరి అన్నారు, మూడు గంటలు చూశాను అన్నాడతను. తొమ్మిదిన్నర లోపు ఆమె మరో పదిహేడు చోట్లకు ఫోను చేసింది. రెండు లాడ్జీల్లో కలిపి ఐదు గదులు దొరికాయి. ఒక కల్యాణ మండపంలో చాపలు వేసుకునేందుకు హాలు దొరికింది. తర్వాత విమలాదేవికి ఫోను చేసింది.

బుధవారం పది గంటలకు విమలాదేవి ఇద్దర్నీ లోపలికి పిలిచింది.

"వాడు తొందర అనలే మేడం" అన్నాడు నర్సింహ. "అవసరం అన్నడు. తెలుగు మాటే. నాకు మంచిగ సమజైంది."

"మంచిగ సమజైందనే గద, గీ లొల్లి" అంది విమలాదేవి. ఆమె ముందు కాగితం ఉంది, పద్దెనిమిది మాటలది. "గా వరస తీసేపిచ్చింది నేను. అది నా తప్పు, ఒప్పుకుంటున్న." అఖిల వైపు తిరిగింది. "నీకెప్పుడు తెల్సింది?"

"నిన్న నాలుగుంబావుకు."

"నాలుగుంబావుకు తెలిస్తే ఎనిమిది దాక ఏం జేసినవ్?"

"అన్న కాపీలియ్యలే."

"నేనిక్కడనే ఉన్న. తలుపు తీసే ఉంది."

అఖిల తలుపు వైపు చూసింది.

"తప్పు బయటపడితే ముందట సీటు నాకొస్తదనుకున్న" అంది అఖిల. "రూములు గింత జల్ది పోతయనుకోలే."

నర్సింహ ఆమె వైపు చూశాడు. గదిలోకి వచ్చాక ఆమె వైపు చూడడం అదే మొదటిసారి.

"సమజ్ గాక చేసినోడు ఒకడు" అంది విమలాదేవి. "సమజై ఊకున్నదానివి నువ్వు. బస్సుల నర్సింహనే పోతడు. నువ్వు ఈడ్నే ఉండి ఫోన్ల మీద రూములు చూడు. నర్సింహా, నలభై రెండు మందికి నువ్వే ఫోన్ జెయ్. రూములు లేవని చెప్పు. ఎందుకు లేవో గూడ చెప్పు."

నర్సింహ ఫోన్లకు రెండున్నర గంటలు పట్టింది. ఆరుగురు టికెట్లు వద్దన్నారు. వాసవాంబకు చేసినప్పుడు అఖిల పక్క బల్ల దగ్గరే ఉంది.

"రూములు లేవా? ఎందుకు లేవు?"

"వాడు జల్ది పంపమన్నడమ్మా. నేను గట్ల ఇనలే."

"గా పిల్లను అడుగకపోయినవా?"

"అడుగలే."

"ఎందుకడుగలే?"

అతను జాబితాలో తర్వాతి నంబరు మీద వేలు పెట్టాడు. వాసవాంబ, "సరే, చాప నేను తెచ్చుకుంట" అని ఫోను పెట్టేసింది.

నాలుగు గంటలకు అఖిల కాగితం మళ్లీ ప్రింటు తీసింది. పంతొమ్మిది మాటలు. కట్ట తీసుకొచ్చి నర్సింహ బల్ల మీద పెట్టి వెళ్లింది. అతను పై కాగితం మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివాడు.

బస్సు ఐదు ఇరవైకి ముప్పై ఆరు మందితో కదిలింది. షాద్‌నగర్ దాటాక నర్సింహ మైకు తీసుకుని పంతొమ్మిది మాటలూ చదివాడని డానియేలు చెప్పాడు. ఎవరు రాశారని వెనక నుంచి ఒకరు అడిగారు. "ఆఫీసు వాళ్లు" అన్నాడు నర్సింహ.

గురువారం ఉదయం ఏడు దాటి రెండు నిమిషాలకు బస్సు అరుణాచలం చేరింది. మండపం కాపలాదారు గేటు తీయకుండా ఏదో చెబుతున్నాడు. అతని మాటల్లో సగం తెలుగులానే ఉన్నాయని డానియేలు అన్నాడు. నర్సింహ ఒకసారి "సరి" అనబోయి ఆగాడు. ఫోను తీశాడు.

అఖిల ఫోనులో అతని నంబరు నుంచి మొదటి కాల్ 7.06కి ఉంది. ఆమె ఎత్తలేదు. రెండోది 7.08కి. అదీ ఎత్తలేదు. ఆ సమయంలో ఫోను తన చేతిలోనే ఉందని ఆమె చెప్పింది. మూడోది 7.15కి వచ్చింది. ఆమె ఎత్తింది.

"అఖిలా, గీయన ఏమంటుండో జర చెప్పు" అని అతను ఫోను కాపలాదారు చేతికి ఇచ్చాడు.

ఆ కాల్ నాలుగు నిమిషాల పది సెకన్లు సాగింది. గేటు 7.20కి తెరిచారు.