ముఖమా, పట్టీయా

మా వీడియోలు తీయించే ప్రవీణ్ సార్ ఆ మాట అన్నప్పుడు గదిలో ఎనిమిది మంది ఉన్నారు. అందరికీ వినపడేలాగే అన్నాడు.

"చూడండి, మూడో సెకను. భవాని ముఖం చూసి జనం పోతున్నారు."

భవాని అంటే నేనే. గోడ మీది పెద్ద స్క్రీన్‌లో నా వీడియోల గీత వంద దగ్గర మొదలై, మూడో సెకనుకల్లా సగానికి కిందికి జారిపోయి ఉంది. వీడియో మొదలుపెట్టిన వందమందిలో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే గీత అది. దాని పక్కనే రసజ్ఞ వీడియోల గీత. అది నిటారుగా నిలబడకపోయినా మర్యాదగా దిగింది. రసజ్ఞ కొత్తగా చేరిన అమ్మాయి. తల వంచుకుని తన గోళ్లు చూసుకుంది. మా ఓనర్ లింగమూర్తి సార్ గడ్డం గోక్కుని, "అయితే రసజ్ఞతోనే చేయిద్దాం" అన్నాడు. అంతే. రెండేళ్లు కొండాపూర్, గోపన్‌పల్లి, ప్రగతి నగర్ అంతా తిరిగి, బిల్డర్ల ఫ్లాట్లు చూపిస్తూ నలభై అయిదు సెకన్ల వీడియోలు చేసినదాన్ని, మర్నాటి నుంచి వాటికి సబ్‌టైటిల్స్ కొట్టే సీటుకు దిగిపోయాను.

ఉద్యోగం పోలేదు కదా అని ఓదార్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా కోపం అర్థం కాదు. పని బాగాలేదంటే దిద్దుకుంటాను. ముఖం బాగాలేదంటే ఎక్కడ దిద్దుకోవాలి?

మా నాయన రాజయ్య గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు సెక్యూరిటీ. గేటు దగ్గర ఆగిన ప్రతి డెలివరీ వాడికీ, ప్రతి కారు డ్రైవర్‌కీ ఫోన్ తీసి నా వీడియోలు చూపిస్తాడు. పది రోజులు కాగానే అడగనే అడిగాడు.

"ఏంది బిడ్డా, ఈ మధ్య వీడియోలల్ల గా కొత్త పిల్లనే వస్తున్నది. నువ్వు కనవడ్తలేవు?"

"వేరే పని ఇచ్చిన్రు నాయనా."

"పెద్ద పనా?"

"ఊఁ."

ఆ అబద్ధం నాలుక మీద చేదుగా ఉండిపోయింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఏ గదిలో ఆ మాట పడ్డానో అదే గదిలో, అదే గోడ మీద, అతనికి తిరిగి అప్పజెప్పాలి.

సబ్‌టైటిల్స్ సీటుకు ఒక సుఖం ఉంది. అన్ని వీడియోల ఫైళ్లూ చేతిలో ఉంటాయి. నావి, రసజ్ఞవి కలిపి నలభై దాకా ఉన్నాయి. అన్నీ ఒకే కొలత, ఒకే రకం ఫ్లాట్లు, ఒకే రకం మాటలు. ఒక్కోదాని మొదటి మూడు సెకన్లు ఆపి ఆపి చూశాను. స్క్రీన్ మీద ఎన్ని మాటలున్నాయి, అవి ఫ్రేములో ఎంత చోటు తిన్నాయి, మాటల వెనక రంగు పట్టీ ఏ రంగుది, మనిషి ఎక్కడ నిలబడింది, ముఖం ఎంత పెద్దగా ఉంది. ఇవన్నీ ఒకపక్క రాసి, ఇంకోపక్క మూడో సెకనుకు ఎంతమంది మిగిలారో, మొత్తం మీద వీడియోలో ఎంత భాగం చూశారో వేశాను.

నా వీడియోలు వరసగా చూస్తుంటే రక్తం మరిగింది. బిల్డర్ ఏది పంపితే అది, ప్రవీణ్ సార్ ఫ్రేములోకి కుక్కించాడు. చదరపు అడుగులు, స్కూలు దూరం, పర్మిషన్ నంబరు, ఫోన్ నంబరు, పండగ ఆఫరు. పైన ఒక పసుపు పట్టీ, కింద ఒక పసుపు పట్టీ. మధ్యలో వంటగది. వంటగది మూలన, ఫ్రిజ్ పక్కన, బొటనవేలంత నేను. ఆ సైజులో నా ముఖం బాగుందో లేదో మా నాయనకు కూడా తెలియదు. రసజ్ఞ వచ్చిన వారమే అతను పట్టీలు తీసేసి, మూడు నాలుగు మాటలు ఉంచి, అమ్మాయిని ఫ్రేము మధ్యకు తెచ్చాడు. గీత లేచింది. పేరు మాత్రం రసజ్ఞ ముఖానికి ఇచ్చాడు, నింద నా ముఖానికి. ఒకేసారి నాలుగు మార్చి, అందులో ఒకదాన్ని పట్టుకుని ఇదే కారణం అనడం మా ఆఫీసులో కొత్త కాదు. నా మీద పడ్డాకే నాకు తెలిసొచ్చింది.

ముందు నేను పసుపును పట్టుకున్నాను. ఎందుకంటే పసుపు అతని గొప్ప. "మన పసుపు" అంటాడు ప్రతి క్లయింట్ దగ్గరా. పసుపు పట్టీ ఉన్న వీడియోలు దాదాపు అన్నీ కిందే ఉన్నాయి. దొరికాడు అనుకుని రసజ్ఞను పిలిచి చూపించాను. ఆ పిల్ల మెల్లగా వేలు పెట్టింది.

"అక్కా, మరి ఈ ప్రగతి నగర్ వీడియో? ఇది కూడా పసుపే కదా."

చూశాను. నేనే చేసింది. పసుపు పట్టీయే, కానీ సన్నది, మూడే మాటలు. జనం హాయిగా నిలబడ్డారు. అట్లాంటివే ఇంకో రెండు తేలాయి. తెల్ల పట్టీ మీద నిండా మాటలు కుక్కినవి తీస్తే, అవి పసుపు వాటిలాగే పడ్డాయి. మాటలు సమానంగా ఉన్న వీడియోలను పక్కపక్కన పెడితే రంగుతో పెద్ద తేడా లేదు. పసుపు నిర్దోషి. ఆ పసుపును వెనకేసుకు రావలసి వచ్చినందుకు నాకు ఏడుపొచ్చింది. అయినా తప్పుడు లెక్కతో వెళ్తే అతను ఒక్క వీడియో చూపించి నన్ను పడేస్తాడు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మాటలు పెరిగిన ప్రతిచోటా నేను మూలకు పోయాను. జనాన్ని తరిమింది మాటలా, మూలా అన్నది ఆ వీడియోలతో విడదీయలేను. ముఖం కాదని మాత్రం నాకు అనిపించింది.

అనిపిస్తే చాలదు. ప్రవీణ్ సార్‌కు చూపిస్తే నవ్వాడు.

"మూడు వీడియోలు పట్టుకొచ్చి ఏం ప్రూవ్ చేస్తావ్ భవానీ? అప్పుడు చానెల్ కొత్తది, చూసేవాళ్లు వేరు."

ఒళ్లు మండింది కానీ ఆ మాటలో న్యాయం ఉంది. సరే, న్యాయంగానే కొడదాం అనుకున్నాను.

లింగమూర్తి సార్ దగ్గరకు పోయాను. "ఒక టెస్ట్ చేద్దాం సార్. ఒకే ఫ్లాట్, ఒకే స్క్రిప్టు, ఒకే వెలుతురు. ముగ్గురు మనుషులు, అందరికీ తెల్ల కుర్తా. ఒక్కొక్కరికీ రెండు రకాలు. ఒకటి నిండా మాటలతో, మనిషి మూలనున్న పాత ఫ్రేము, ఒకటి సన్న పట్టీ, మూడు మాటలతో, మనిషి మధ్యనున్న కొత్త ఫ్రేము. రెండింట్లోనూ పసుపే. ఆరు వీడియోలూ యాడ్స్‌గా వేసి, చూసేవాళ్లను ఆరు భాగాలుగా చీటీలేసినట్టు పంచుదాం. కొత్త బిల్డర్లకు ఏ ఫ్రేము ఇవ్వాలో తేలిపోతుంది."

"ముగ్గురెవరు?"

"నేను, రసజ్ఞ. ఇద్దరం ఆడపిల్లలమే అయితే ముఖాల పోటీలాగ ఉంటుంది. మూడో మనిషి మగవాళ్లయితే మంచిది." అటు తిరిగి, ఎంత తీపిగా అనగలనో అంత తీపిగా అన్నాను. "ప్రవీణ్ సార్ గొంతు బాగుంటుంది."

ప్రవీణ్ సార్ వద్దు వద్దంటూనే జుట్టు సవరించుకున్నాడు. షూటింగ్ రోజు అద్దం ముందు నాకంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పాత ఫ్రేములో అతన్ని ఫ్రిజ్ పక్కన, నేను నిలబడే చోటే నిలబెట్టాను. నేల మీద టేపు ముక్క అంటించి, "సార్, ఈ గీత దాటొద్దు" అన్నాను. అతను దాటలేదు.

ఫలితాలు వచ్చిన రోజు అదే గదిలో కూర్చున్నాం. ప్రవీణ్ సార్ ముందు కుర్చీ తీసుకున్నాడు. నా దగ్గర ఆరు గీతలున్నాయి. ఒక్కటే చూపించాను. పాత ఫ్రేము, పసుపు పట్టీలు, మూలన ప్రవీణ్ సార్. పక్కనే అతని గీత. మూడో సెకనుకు వందలో నలభై ఒక్కమంది మిగిలారు.

నేను లేచి నిలబడ్డాను.

"చూడండి, మూడో సెకను. ప్రవీణ్ సార్ ముఖం చూసి జనం పోతున్నారు."

ఎవరిదో నవ్వు ముక్కులోనే ఆగిపోయింది. అతని చెవులు ఎర్రబడటం వెనక వరసకు కూడా కనపడింది. ఆ క్షణం నాకు ఎంత బాగుందో దాచుకోను. ఇంకాసేపు ఉండనీ అని రిమోట్ బల్ల మీద పెట్టి కూర్చున్నాను కూడా.

"నాన్సెన్స్" అన్నాడు లేచి. "ముఖం ఏంటి? ఫ్రేము చూడు! ఆ పట్టీలేంటి, ఆ గోలేంటి! మనిషి మూలన చీమలాగ ఉన్నాడు. అన్ని మాటలు కుక్కితే ఎవరి ముఖం పెట్టినా జనం పోతారు!"

"ఏమన్నారు సార్?"

"ఎవరి ముఖం పెట్టినా పోతారు అంటున్నా!"

"అదే రాసుకోండి సార్" అన్నాను లింగమూర్తి సార్‌తో. అప్పుడు మిగతా అయిదు గీతలు వేశాను. పాత ఫ్రేములో నేను నలభై మూడు, రసజ్ఞ నలభై నాలుగు. కొత్త ఫ్రేములో ముగ్గురమూ డెబ్బై దగ్గర, ఒకటి రెండు అటూ ఇటూ. పైన మూడు గీతలు ఒక గుంపు, కింద మూడు ఒక గుంపు. రెండు గుంపుల్లోనూ అన్ని ముఖాలూ ఉన్నాయి. రసజ్ఞ మొదటిసారి తలెత్తి గోడ వైపు చూసింది.

ఆ పట్టీలు ఎవరు వేయించారో ఆ గదిలో ఎవరికీ చెప్పనక్కర లేదు. తన ముఖాన్ని కాపాడుకోవడానికి ప్రవీణ్ సార్‌కు ఉన్నది ఒకటే దారి, అది నా ముఖం మీది నింద చెరిపే దారి. ఆ దారిలో అతన్నే నడిపించాను.

"భవానీ, సోమవారం నుంచి షూట్‌కు వచ్చెయ్" అన్నాడు లింగమూర్తి సార్. ప్రవీణ్ సార్ లిఫ్ట్ దగ్గర ఆగి, "పర్సనల్‌గా తీసుకోకు" అన్నాడు.

"పర్సనల్‌గానే తీసుకున్నా సార్" అని లిఫ్ట్ ఎక్కాను.

సాయంత్రం గోపన్‌పల్లి పోయి నాయన పక్కన గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. ముందు కొత్త ఫ్రేములోని నా వీడియో పెట్టాను. చివరిదాకా చూసి, ఇంకోసారి పెట్టమన్నాడు. తర్వాత ఏమీ చెప్పకుండా ప్రవీణ్ సార్‌ది, పట్టీలున్నది, పెట్టి ఫోన్ చేతికిచ్చాను. నాయన కళ్లు చిట్లించాడు.

"ఏందిది, గిన్ని అక్షరాలు? గా మూలకున్నదెవరు?" అంటూనే బొటనవేలితో పైకి తోసేశాడు.

మూడో సెకను కూడా కాలేదు. అతనెవరో నేను చెప్పలేదు. ఫోన్ తీసుకుని నా వీడియో మళ్లీ పెట్టాను.