బోర్డు ముందు అరగంట

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా పైన ఒక కోచింగ్ సెంటరే. నేనెక్కిన మెట్ల పైనా అదే. పదో తరగతి లెక్కలకు టీచరు కావాలన్నారు. ముందు డెమో క్లాసు చెప్పాలి. పిల్లలు వింటారు, వెనక బెంచీలో యజమాని కూర్చుంటాడు, ఆయనకు నచ్చితే ఉద్యోగం.

నాకు ఆ ఉద్యోగం కావాలి. యూసుఫ్‌గూడలో నేను పాఠాలు చెప్పే బడి కరోనాలో మూతపడింది. అప్పటినుంచి పంజగుట్టలో చీరల షాపులో బిల్లింగ్ కౌంటరు. పని చెడ్డదేం కాదు. కానీ స్కానరు కుయ్యిమన్నప్పుడల్లా నా చేతికి చాక్‌పీసు గుర్తొచ్చేది. ఇంత ఆశేమిటని నాకే అనిపించేంత ఆశ.

"జీవమణిగారూ, టాపిక్ వర్గ సమీకరణాలండి," అన్నారు యజమాని రామ్మోహనరావుగారు. "ఫార్ములా బోర్డు మీద పెట్టేయండి, లెక్కలు చేయించేయండి. స్పీడు ముఖ్యం."

"అలాగేనండి," అన్నాను.

ఫార్ములా రాశాను. ముందు బెంచీలో రెండు జడల పిల్ల, హైందవి అట, చెయ్యెత్తింది. "మేడమ్, గా 4ac ఎక్కడికెల్లి వచ్చింది?"

"గట్లే ఉంటది, బట్టీ కొట్టు," అని వెనకనుంచెవరో నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, ఎక్కడిదని అడక్కుండా బట్టీ కొట్టేస్తారా? రామ్మోహనరావుగారి వైపు చూడకుండా ఫార్ములా చెరిపేశాను.

x² + 6x = 7 అని రాసి, పక్కన x భుజంతో ఒక చతురస్రం గీశాను. "ఇది x². మరి 6x? దాన్ని సగం చేద్దాం. కుడిపక్క 3x పట్టీ ఒకటి, కింద 3x పట్టీ ఇంకొకటి. ఇప్పుడు చూడండి, పెద్ద చతురస్రం అయిందా?"

"ఒక మూల ఖాళీ ఉంది మేడమ్!"

"ఎంత?"

"మూడు మూళ్లు తొమ్మిది!"

"మరి ఇటు తొమ్మిది కలిపితే?"

"అటు సుత కలపాలె!"

(x + 3)² = 16. అంటే x + 3 విలువ 4 గానీ −4 గానీ. x విలువ 1, లేదా −7. పిల్లలే చెప్పేశారు. ప్రభువా, ఆ గోల విని ఎన్నాళ్లయింది!

ఇక ఆగుతానా? ax² + bx + c = 0 రాశాను. అంతా a తో భాగించి, c ని అటు పంపితే x² + (b/a)x = −c/a. "సగం చేసి వర్గం కలుపుదాం," అంటూ రెండువైపులా (b/2)² రాసేశాను. ముందుకు పోతే లెక్క ముడిపడదే! వెనక బెంచీలో దగ్గు వినిపించింది. రోజూ చెప్పిన పాఠం, షాపులో కూర్చుని కూర్చుని తుప్పు పట్టిపోయాను కదా అని ఏడుపొచ్చింది.

"మేడమ్," హైందవి లేచింది. "మనం a తోని భాగించినం కదా. సగం చేయాల్సింది b/a ని. b/2a కదా?"

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. "నువ్వే రా తల్లీ," అని చాక్‌పీసు ఇచ్చాను. b²/4a² కలిపింది. కుడివైపు హారాలు సమం చేస్తే (b² − 4ac)/4a². ఎడమవైపు (x + b/2a)². వర్గమూలం తీసి, b/2a ని అటు పంపింది.

x = (−b ± √(b² − 4ac))/2a.

"అరే, గదే ఫార్ములా!" అని క్లాసంతా అరిచింది. అరగంట అయిపోయింది.

గుమ్మం బయట రామ్మోహనరావుగారు మర్యాదగానే మాట్లాడారు. "పిల్లలకు మస్తు నచ్చారండి. నాకూ నచ్చారు. కానీ మీరిలా చెబితే జనవరికి నా సిలబస్ అవదు. పైగా బోర్డు మీద తప్పు... పేరెంట్స్ ఊరుకోరు. ఏమీ అనుకోకండి, వేరే సార్‌ను తీసుకుంటున్నాం."

ఏమనుకుంటాను? ఆయన బాధ ఆయనది. మెట్లు దిగడం మొదలుపెట్టాను. నాకున్నది కోపమూ కాదు, అవమానమూ కాదు. ఆ బోర్డు కావాలి నాకు, అంతే.

వెనకనుంచి చెప్పుల టపటప. హైందవి ఆయాసపడుతూ వచ్చింది.

"మేడమ్, ఒక్క డౌటు. b² − 4ac మైనస్ వస్తే? ఏ నంబర్ స్క్వేర్ చేసినా మైనస్ రాదు కదా. అప్పుడు ఏం చేయాలె?"

పదో తరగతికైతే జవాబు చిన్నదే, వాస్తవ మూలాలుండవు అని రాస్తే మార్కులిస్తారు. కానీ పిల్ల కళ్లు అడిగింది అది కాదు. దాని వెనక ఇంకో లోకమే ఉంది. చెప్పాలంటే బోర్డు కావాలి, రేపు కావాలి.

"రేపు చెప్తానమ్మా," అన్నాను. ఎన్నేళ్ల అలవాటో, నోరు దానంతటదే అనేసింది.

"సరే మేడమ్," అని, నమ్మి, పైకి పరిగెత్తింది.