నర్సింహ అప్పగింత మెయిల్

ఎల్బీ నగర్‌లోని ఇంటర్నెట్ కంపెనీలో ఫిర్యాదుల సీటు వదిలి బిల్లింగ్ టీమ్‌కు పోవాలని నర్సింహ ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు. టీమ్ లీడర్ రామచంద్రం మాత్రం మెలిక పెట్టాడు. కొత్తగా వచ్చిన ప్రణతి, నర్సింహ పని వివరాలు రాసి పంపిన అప్పగింత మెయిల్ చూసుకుని ఒక్క ఫోన్ కాల్ అయినా తనే తేల్చాలి. లేదంటే బదిలీ లేదు.

గుంటూరు పిల్ల ప్రణతి ఆ మెయిల్ పైకి చదివి పకపకా నవ్వింది. "పెంటమ్మ మేడమ్ ఈజ్ కాలింగ్. ఫస్ట్ ఐ ఆస్క్‌డ్ బఫెలో. దెన్ నెట్ ఈజ్ కేమ్. ఇదేం ఇంగ్లీషండీ! గేదెని అడగడమేంటి?"

నర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. అంతలో ఫోన్ మోగింది. ప్రణతి స్పీకర్‌లో పెట్టింది. తుర్కయంజాల్ పాలకేంద్రం పెంటమ్మే.

"నెట్టు బందైంది బిడ్డా! కొట్టంల కెమెరా కనవడ్తలేదు."

"మీ కస్టమర్ నంబర్ చెప్పండమ్మా."

"నంబరేందే? నర్సింహకియ్యి!"

నర్సింహ చెయ్యి చాపబోతే రామచంద్రం పట్టుకున్నాడు. దిక్కుతోచక ప్రణతి మెయిల్ వంక చూసింది.

"అమ్మా, గేదెని ఎక్కడ కట్టేశారు?"

"గోడకాన్నే. అయ్యో, మెడ రుద్ది నెట్టు డబ్బ ప్లగ్గు పీకింది ముండ!"

ప్లగ్గు పెట్టగానే కెమెరా వెలిగింది. నర్సింహ ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"నర్సింహ గారు వేరే టీమ్‌కి వెళ్తున్నారమ్మా."

"పోనియ్యి తల్లీ, నువ్వే మంచిగున్నవ్."

"గంతేనా పెద్దమ్మా!" అని నర్సింహ ఫోన్‌లోకి అరిచాడు.