ఓవెన్‌కు సరే, కౌంటర్‌కు కాదు

బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు బేకరీ మెట్లెక్కేసరికి ఎదురొచ్చింది యజమాని కాదు, యజమాని తమ్ముడు. లోను దరఖాస్తు ఆమె సంచీలోనే ఉంది. అయినా అతను తన దగ్గరున్న నకలు తెరిచి, పెళ్లిచూపుల్లో పిల్లాడి గుణగణాలు చదివినట్టు మొదటి పేజీ నుంచి అందుకున్నాడు. కొత్త ఓవెన్, బస్టాండు వైపు రెండో కౌంటర్, ఏడాది తిరిగేసరికి అమ్మకాలు రెట్టింపు. ఓవెన్‌కూ కౌంటరుకూ కలిపి ఐదేళ్ల వాయిదాలతో లోను కావాలి. వదినగారి ఇల్లు హామీగా పెడతారు.

"ముందు పాత ఓవెన్ చూపించండి," అంది ఆమె.

లోపల యజమాని మోచేతుల దాకా పిండితో నిలబడి ఉన్నాడు. మాట్లాడటానికి బద్ధకమో మొహమాటమో, తల ఊపి పక్కకు జరిగాడంతే. ఓవెన్ తలుపు సరిగ్గా పడక దానికి ఇనుప కడ్డీ అడ్డం పెట్టారు. ఎడమవైపు రొట్టెలు మాడుతున్నాయి, కుడివైపువి తెల్లగానే ఉంటున్నాయి. మధ్యలో తలుపు తీసి ట్రేలు తిప్పాల్సిందే. తీసినప్పుడల్లా వేడి బయటికి పోతుంది, డీజిల్ ఖర్చు పైకి పోతుంది. పొద్దున్న వచ్చే గిరాకీలో సగం మంది రెండో వాయి దిగేదాకా ఆగలేక వెళ్లిపోతారట. ఓవెన్ అవసరం నిజమైనదే. ఆమెకు అందులో అనుమానం లేదు.

"ఓవెన్ రెట్టింపు కాలుస్తుంది, సరే. తినేవాళ్లు కూడా రెట్టింపవుతారా?"

తమ్ముడు నవ్వాడు. "అందుకే కదా మేడమ్ రెండో కౌంటరు. రండి, చూపిస్తాను."

బస్టాండు వైపు అద్దెకు తీసుకున్న గది ఇరుకుగా ఉంది. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేలా ఉన్నాయి. వడ్రంగి ఇచ్చిన అంచనా కాగితం తీసి చూసింది. అందులో రాసిన అద్దాల అరలన్నీ ఈ గదిలో పట్టాలంటే ఒకదాని మీద ఒకటి పేర్చి, అమ్మేవాణ్ణి వీధిలో నిలబెట్టాలి. ఓవెన్ డబ్బు బ్యాంకు నేరుగా ఓవెన్ కంపెనీకే పంపుతుంది, అందులో ఎవరి చెయ్యీ దూరదు. కానీ వడ్రంగి అంచనా సాగే గుణమున్నది. దాన్ని ఎంతైనా లాగొచ్చు, మిగిలింది జేబులో వేసుకోవచ్చు.

"వడ్రంగి మీకు తెలిసినవాడా?"

"మనవాడే మేడమ్."

తిరిగి బేకరీకి వచ్చేటప్పటికి పొద్దు వాలుతోంది. కౌంటరు ముందు జనం మూగి ఉన్నారు. వాళ్లలోకి ఒక మనిషి వచ్చాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు, మోచేతికి మాత్రం మడిచిన గొడుగు వేలాడుతోంది. అతను ఎవర్నీ తోసుకోలేదు, గొంతెత్తలేదు. అయినా దారి దానంతటదే ఏర్పడింది. కౌంటరులో ఉన్న యజమాని భార్య అతన్ని చూసి సొరుగు లాగింది. మడిచి సిద్ధంగా ఉంచిన నోట్లు తీసి గాజు మీద పెట్టింది. అతను తీసుకున్నాడు, లెక్కపెట్టలేదు. వెళ్తూ వెళ్తూ అద్దంలోని కేకుల వంక, గోడల వంక, పైకప్పు వంక తీరిగ్గా చూశాడు. ఇల్లు కొనడానికొచ్చినవాడు చూసే చూపు అది.

"ఎవరాయన?" అని అడిగింది ఆఫీసరు.

"పిండి సప్లై మేడమ్," అన్నాడు తమ్ముడు వెంటనే.

లోపల్నుంచి వింటున్న యజమాని పిండి ముద్దను బల్ల మీద ఇంకా గట్టిగా వేసి కొట్టాడు.

సరుకు చూపిస్తానని ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లింది యజమాని భార్య. పిండి బస్తాలన్నిటి మీదా ఒకే మిల్లు ముద్ర ఉంది. ఆ మిల్లుకు బ్యాంకు చెక్కుల ద్వారానే డబ్బు వెళ్తోందని ఆఫీసరు ఖాతాలో అప్పటికే చూసింది. ఆ మాట అడిగేలోగా ఆవిడే తలుపు దగ్గరికి వేసింది.

"మేడమ్, ఒక్క మాట. ఈ లోను కుదరదని రాసెయ్యండి."

"మీరు హామీదారు. మీరే సంతకం పెట్టనంటే సరిపోతుంది కదమ్మా?"

"ఆ ఇల్లు మా అమ్మ నాకిచ్చింది. నేను పెట్టనన్న రోజే అన్నదమ్ములు వేరుపడతారు. మా ఆయనకు తమ్ముడంటే ప్రాణం. జన్మంతా నన్నే అంటారు. అదే బ్యాంకు కుదరదంటే ఎవరూ ఎవర్నీ అనరు. మీకేం పోతుంది చెప్పండి, రోజూ ఎంతమందికి కుదరదనట్లేదు?"

"ఆ గొడుగాయనకు ఎంత బాకీ?"

ఆవిడ బస్తాల వైపు తిరిగి మూతులు సరిగ్గా కట్టి ఉన్నాయో లేదో చూసింది. "అది మా మరిదినే అడగండి. నాకు ఏ రోజుకారోజు ఇవ్వమన్నంత ఇవ్వడమే తెలుసు."

ఆఫీసరు మరిదిని అడగలేదు. మర్నాడు యజమానిని బ్యాంకుకు పిలిపించి, బయట అప్పులేమీ లేవని రాసివ్వమంది. పెన్ను పట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. పక్కన తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. ఆయన సంతకం పెట్టాడు.  అది అబద్ధమని ఆమెకు తెలుసు, నిరూపించే కాగితం లేదు. మనిషి రోజూ వచ్చి చేతికి డబ్బు తీసుకుపోతే దానికి రసీదు ఎక్కడుంటుంది?

బ్రాంచి మేనేజరు మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. మూడు నెలల లెక్కలు ముగిసే వేళ ఆయనకు ప్రతి లోనూ ముద్దొస్తుంది.

"ఇల్లు హామీ ఉంది, ఖాతాలో పేచీ లేదు. ఎందుకు నలుపుతున్నావమ్మా?"

"కౌంటరు అంచనా ఉబ్బించారు సర్. బయట అప్పు కూడా ఉందని నా అనుమానం."

"అనుమానానికి లోను ఆపుతామా? ఏం చేద్దామంటావు?"

ముందురోజు రాత్రంతా ఆలోచించిన మాట ఆమె అప్పుడు చెప్పింది. ఓవెన్ వరకే ఇద్దాం. అంత చిన్న మొత్తానికి ఇల్లు తాకట్టు అక్కర్లేదు, ఓవెనే హామీగా సరిపోతుంది. డబ్బు కంపెనీకే పోతుంది. కౌంటరు సంగతి ఏడాది నడిచాక చూద్దాం. మేనేజరు గడ్డం గోక్కుని సరేనన్నాడు. తన సీటుకు వచ్చి కూర్చున్నాక ఆమెకు మనసు తేలికపడింది. బేకరీకి కావలసిన ఓవెన్ వస్తుంది. ఆవిడ ఇల్లు ఆవిడకుంటుంది. ఎవరూ ఎవర్నీ అనక్కర్లేదు. ఇలాంటి పని నెలకొకటి దొరికినా ఉద్యోగం చేసినట్టే అనుకుంది.

మంజూరు చెప్పడానికి అన్నదమ్ములిద్దర్నీ పిలిచారు. "ఓవెన్ చాలు మేడమ్ గారూ, చాలు," అన్నాడు యజమాని. ఆయన ఆమెతో అన్న మొదటి పూర్తి మాట అదే. తమ్ముడు బల్ల అంచు నిమిరాడు. గొడవ చేస్తాడేమో అనుకుంది. చెయ్యలేదు.

"పర్లేదు మేడమ్. మిగతాది మేం చూసుకుంటాం. ఇల్లు కాగితాలు మీకక్కర్లేదంటే మరి వెనక్కిచ్చేస్తారా?"

పరిశీలనకు యజమానే తెచ్చిచ్చిన దస్తావేజులు ఇంకా ఫైల్లోనే ఉన్నాయి. ఆమె యజమాని చేత రసీదు మీద సంతకం చేయించుకుని కవరు ఆయన చేతిలో పెట్టింది. గుమ్మం దాటకముందే అది తమ్ముడి చంకలోకి మారింది. ఆమె చూసింది. చూసి, తర్వాతి మనిషిని పిలిచింది.

ఓవెన్ ధరలో నాలుగో వంతు వాళ్లు సొంతంగా కట్టాలి. కూడబెట్టుకోవడానికి నెలైనా పడుతుందనుకుంది. మర్నాడే కట్టేశారు, దారం కట్టిన కొత్త నోట్ల కట్టలతో. క్యాషియరు "బన్నులమ్మి కొత్త నోట్లెలా వస్తాయి?" అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. కానీ సొంత వాటా ఎక్కడిదని అడిగితే పొదుపని చెబుతారు. బ్యాంకు ఓవెన్ డబ్బు కంపెనీకి పంపించింది.

నెల తర్వాత ఓవెన్ వచ్చిందో లేదో చూడటానికి వెళ్లింది. దూరం నుంచే కాల్చిన రొట్టె వాసన వీధంతా పరుచుకుని ఉంది. లోపల కొత్త ఓవెన్ మెరుస్తోంది, గాజు వెనక ట్రేలు వాటంతటవే నెమ్మదిగా తిరుగుతున్నాయి. రొట్టెలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఓవెన్‌కు బ్యాంకు తాకట్టు చీటీ అంటించి ఉంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. యజమాని మాత్రం సగమయ్యాడు. చొక్కా అతని మీద ఆరేసినట్టుంది.

"రెండో కౌంటరు కూడా చూసి పోండి మేడమ్," అన్నాడు తమ్ముడు. "మీరివ్వకపోతే ఆగుతామా?"

బస్టాండు వైపు ఇరుకు గదికి పక్కదాన్నీ కలిపేశారు. నిలువెత్తు అద్దాల అరలు, వాటి నిండా దీపాలు. సొరుగు వెనక కుర్చీలో గొడుగాయన కూర్చున్నాడు. గొడుగు అరకు తగిలించి ఉంది. ఆమెను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్, కూర్చోండి. మన బేకరీయే."

ఆ 'మన'లో ఎవరెవరున్నారో ఆమెకు అర్థమైంది. యజమాని భార్య అదే గదిలో ఒక మూల అట్టపెట్టెలకు దారం కడుతోంది. తలెత్తలేదు. ఆఫీసరు పెట్టెలు చూస్తున్నట్టు పక్కకు వెళ్లి నిలబడింది.

"ఇల్లు కాగితాలు..."

"ఆ కుర్చీలో ఉన్నాయన దగ్గరే." ఆవిడ ముడి బిగించింది. "మీరు చెయ్యాల్సింది మీరు చేశారు మేడమ్. నేనే తెలివితక్కువ మాట అడిగాను. అవి మీ బ్యాంకులో పెట్టుంటే కనీసం ఇనప్పెట్టెలో ఉండేవి. వాయిదాలు తప్పినా నోటీసు వచ్చేది, గడువు ఉండేది, అడగడానికొక మనిషుండేవాడు. ఈయనకేం నోటీసుంటుంది?"

"పోలీసులకు చెబుతారా? నేను తోడొస్తాను."

"తాకట్టు కాగితం మీద ఇష్టపడి సంతకం పెట్టాను మేడమ్. అందరి ముందూ పెట్టాను. మా ఆయన పెట్టమంటే పెట్టాను." అప్పుడు తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు, నిద్ర లేదు. "మా మరిది కూడా ఇప్పుడు నాలాగే భయపడుతున్నాడు. పైకి చెప్పడు."

వెనక నుంచి గొడుగాయన గొంతు నెమ్మదిగా వినిపించింది. "అమ్మా, మేడమ్‌కి కేకు కట్టివ్వు." ఆవిడ వెంటనే లేచింది. ఆ లేవడం చూడలేక ఆఫీసరు వద్దని చెయ్యూపి బయటికి నడిచింది.

తనిఖీ రిపోర్టులో ఓవెన్ ఉందని, నడుస్తోందని రాసింది. కింద, రెండో కౌంటరు బయటి వ్యక్తి డబ్బుతో కట్టినట్టుందని, బేకరీ అతని చేతుల్లోకి పోతోందని ఒక వాక్యం చేర్చింది. మేనేజరు చదివి ఆమె వంక చూశాడు.

"మన ఓవెన్ క్షేమమే కదా?"

"క్షేమమే సర్."

"వాయిదా?"

"కట్టారు."

ఆయన సంతకం పెట్టి ఫైలు మూశాడు.

ఆ తర్వాత కూడా వాయిదాలు ఒక్కటీ తప్పలేదు. ఆ బ్రాంచిలో అంత ఠంచనుగా నడిచిన లోను మరొకటి లేదు. మొదట్లో యజమాని వచ్చి కట్టేవాడు, తర్వాత తమ్ముడు. వానలు మొదలయ్యాక ఒకరోజు గొడుగాయనే వచ్చి కిటికీ ముందు వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక డబ్బు కట్టి, రసీదు తీసుకుని, నేరుగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనకు ఒంట్లో బాగుండట్లేదు మేడమ్. ఇకమీదట అన్నీ నేనే చూసుకుంటాను," అన్నాడు. "మీ దగ్గర లోను కుదరనివాళ్లు ఇంకెవరైనా ఉంటే చెబుతూ ఉండండి."

ఆమె బదులు చెప్పేలోగానే అతను గొడుగు విప్పుకుంటూ వెళ్లిపోయాడు. బల్ల మీద అప్పటికి మూడు దరఖాస్తులున్నాయి. పైదాని మీద కుదరదని రాయబోయిన ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.