ఎర్ర లైటు గది

మనవడు రాత్రిపూట ఏడవడం లేదని దిగులుపడే నాయనమ్మ మదనపల్లె మొత్తానికి బయ్యమ్మ ఒక్కతే అయివుంటుంది. పక్కింటివాళ్ళు "నీకేమమ్మా, బంగారట్లా బిడ్డ, సద్దు సేయడు" అంటే నవ్వి ఊరుకునేది కానీ, ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోయేది కాదు. బిడ్డకు ఐదో నెల. పేరు యువరాజ్. కోడలు చాందిని పుట్టిల్లు కుప్పం నుంచి వాడిని ఎత్తుకొస్తోందని తెలియగానే, పుంగనూరులో ఇంటికి తాళం పెట్టి మరీ పెద్దకొడుకు శివకుమార్ ఇంటికి వచ్చింది బయ్యమ్మ. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క రాత్రి కూడా వాడి గొంతు వినలేదు. రాత్రి ఏడవని చంటిబిడ్డ ఉంటాడంటే, ముగ్గురిని పెంచిన ఆ మనిషి నమ్ముతుందా?

పైగా ఆ ఎర్ర లైటు ఒకటి. హాల్లో పడుకున్న ఆమెకు లోపలి గది తలుపు కింద ఎర్రటి వెలుగు కనబడేది. దేవుడి పటాల దగ్గర వేసుకునే జీరో బల్బు అది. మంచం కిర్రుమనేది. గుడ్డ మార్చిన అలికిడి అయ్యేది. అంతసేపూ కోడలు బిడ్డతో ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడేది కాదు. కాసేపటికి అదీ ఆగిపోయేది. చేసేది మంచి పనే అయితే ట్యూబులైటు వేసుకుని చేయొచ్చు కదా? పగలంతా "నా రాజా" అని వాడితో వాగే మనిషికి రాత్రి నోరు పడిపోతుందా? పురిటి గదిలో తెల్లవార్లూ దీపం వెలగాలని పెద్దలు చెప్పింది ఇట్లా ఎర్రబల్బు పెట్టుకోమని కాదు.

బయ్యమ్మకు భయం ఊరికే పుట్టలేదు. పెళ్ళైన కొత్తలో ఆమెకు ఒక మగబిడ్డ పుట్టాడు. శెనక్కాయలు పెరికే రోజులు. బయ్యమ్మ చేలో పనికి రావాలంటే బిడ్డ నిద్రపోవాలి కాబట్టి, అత్త నాగరత్నమ్మ ఆవగింజంత నల్లమందు పాలలో అరగదీసి నాలుకకు రాసేది. అప్పట్లో అందరిళ్ళలో జరిగేదే. ఒకరోజు ఆ గింజ కాస్త పెద్దదైంది. బిడ్డ సద్దు చేయకుండా పడుకున్నాడు, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఆ ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత పుట్టిన ముగ్గురికీ ఆ బిడ్డ సంగతే తెలియదు. కానీ ఆనాటి నుంచి చంటిబిడ్డ చప్పుడు చేయకపోతే బయ్యమ్మకు నిద్ర పట్టదు.

అందుకే కోడలు స్నానానికి పోయినప్పుడల్లా ఆమె గదిలో దూరేది. ఉగ్గుగిన్నె వాసన చూసింది. గ్రైప్ వాటర్ సీసా మూత తీసి నాకింది. బీరువా కింద చేయి పెట్టి తడిమి, బొద్దింక తగిలి ఉలిక్కిపడింది. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, బాగా దాచిందని అనుకుంది. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ ఎర్ర లైటు యాలమ్మా?"

"కుప్పంలో సూదులేసే నర్సమ్మ సెప్పిందత్తా" అంది చాందిని. "తెల్ల లైటేస్తే తెల్లారిందనుకోని బిడ్డ పూర్తిగా లేచేస్తాడంట. మసక లైటయితే మగతలోనే పాలు తాగి పండుకుంటాడంట. మాట్లాడగూడదు, ఆడించగూడదు. గుడ్డ బాగా తడిసుంటేనే మార్చాల."

బయ్యమ్మ తలూపింది. ఒక్క ముక్క నమ్మలేదు. లైటు రంగుకు నిద్ర వస్తుందట! నల్లమందు అనడానికి నోరు రాక నర్సమ్మ పేరు చెబుతోందనుకుంది.

ఆ రాత్రి మంచం కిర్రుమనగానే లేచి, తలుపు తోసుకుని పోయి ట్యూబులైటు వేసింది. బిడ్డ రొమ్ము వదిలేసి, కళ్ళు చికిలించి, ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చాడు. బయ్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. "బీపీ మాత్ర యాడ పెట్టినానో సూద్దామని వస్తి" అని గొణిగి, ఆ ఏడుపు వింటూ హాయిగా పడుకుంది. మర్నాడు తేలు కనబడిందంది. ఆ మర్నాడు దోమలంది. లైటు పడ్డాక వాడు నాయనమ్మను చూసి కాళ్ళు కొట్టుకుంటూ ఒక గంట ఆడేవాడు, తర్వాత నిద్ర చాలక ఇంకో గంట ఏడ్చేవాడు. చాందిని కళ్ళు ఉబ్బిపోయాయి. అయినా పెద్దావిడని ఏమనగలదు?

శివకుమార్ టమోటా మండీలో పనిచేస్తాడు. కోడి కూయకముందే వేలం పాట దగ్గరుండాలి కాబట్టి మిద్దె మీద పడుకుంటాడు. అతనికి ఏడుపు వినబడుతుంది తప్ప లైటు ఎవరు వేశారో తెలియదు. రోజూ నిద్ర చెడి మండీలో తూగుతున్నాడని యజమాని అరిచాడట. ఇంటికొచ్చి ఆ కోపమంతా పెళ్ళాం మీద చూపించాడు.

"బిడ్డను పండబెట్టేది గూడా రాదా నీకు? మీ అమ్మ దగ్గరయితే బాగుండె గదా. రేపే కుప్పం బస్సెక్కు. వాడు పెద్దోడయినాక వద్దువుగానిలే."

చాందిని తలవంచుకుని బట్టలు సర్దుకుంది. అత్త పేరు ఎత్తలేదు. వంటింటి గడపలో నిలబడి అంతా విన్న బయ్యమ్మకు ఆ మౌనం కూడా అనుమానంగానే తోచింది. తప్పు చేయనిదైతే ఇట్లా నోరు మూసుకుంటుందా?

ఆ రాత్రీ ఆమె చేయి స్విచ్చు దాకా పోయింది. చాందిని లేచొచ్చి ఆ చేయి పట్టుకుంది.

"మాత్ర లేదు, తేలు లేదు. ఎందుకత్తా వాడిని ఏడిపిస్తాండావు?" అంది గుసగుసగా.

"నువ్వేం పెడతాండావో సూడాల" అంది బయ్యమ్మ. "నల్లమందు పెడతాండావు. లేకపోతే సంటిబిడ్డ ఇట్ల పండుకుంటాడా?"

కోడలు అరుస్తుందనుకుంది. చాందిని ఆ చేయి పట్టుకునే ఆమెను మంచం మీద కూర్చోబెట్టింది. "గమ్మున సూడు" అంది.

ఎర్ర వెలుగులో బిడ్డ మెసిలాడు. తల అటూ ఇటూ తిప్పి పిడికిలి నోట్లో పెట్టుకున్నాడు. ఏడుపు దాకా రానీయకుండా చాందిని వాడిని ఎత్తి బయ్యమ్మ చేతుల్లో పెట్టింది. బయ్యమ్మ గుడ్డ తడిమి చూసింది. నానిపోయి ఉంది. వేళ్ళకు అలవాటైన పనే కాబట్టి ఆ మసకలోనే మార్చింది. వాడు కళ్ళు సగం తెరిచి ఆమెను చూసి, మళ్ళీ మూసుకున్నాడు. తర్వాత తల్లి రొమ్ము అందుకుని గుటకలు వేశాడు. గుటక గుటకకూ చిన్న చప్పుడు. బయ్యమ్మ వేలు పెడితే గట్టిగా పట్టుకున్నాడు. మందు తిన్న బిడ్డ పాలు పీల్చలేడు, నోరు వేలాడేస్తాడు, వేలు పట్టుకోలేడు. అది ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? పాలు తాగుతూ తాగుతూ వాడు నిద్రలోకి జారిపోయాడు. మంచం మీద పడుకోబెడితే చిట్టి పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. బిడ్డ రోజూ రాత్రి లేస్తూనే ఉన్నాడు, తాగుతూనే ఉన్నాడు. ఏడవాల్సిన అవసరం రానీయలేదు వాళ్ళమ్మ, అంతే. తలుపవతల పడుకుని తాను వెతికిన పాపమంతా ఇదేనా అని బయ్యమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, బిడ్డ లేవకుండా ఏడ్చింది.

తెల్లారి పొద్దెక్కింది. మండీ నుంచి వచ్చిన శివకుమార్ బ్యాగు తీసుకుని బస్టాండుకు బయల్దేరబోయాడు. చాందిని బిడ్డను భుజాన వేసుకుంది. బయ్యమ్మ పోయి కొడుకు చేతిలో బ్యాగు లాక్కుంది.

"అది యాడికీ పోదు. రాత్రుల్లో లైటేసి బిడ్డను ఏడిపించింది నేనురా."

"నువ్వా? యాలమ్మా?"

"బతికుండాడో లేదో తెలుసుకోవాల గదా."

శివకుమార్ పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "వాడికేమయింది, గుండ్రాయట్ల ఉంటే!"

బయ్యమ్మ బ్యాగు కింద పెట్టి, గడప మీద కూర్చుంది.

"కూసో నాయనా" అంది. "నువ్వు పెద్దోడివి కాదు. నీకొక అన్న ఉండె."